సర్వర్లు ఖాళీగానే ఉన్నాయి, సైట్ మాత్రం కదలడం లేదు

ఒక వెబ్‌సైట్ ఎంత రద్దీని తట్టుకోగలదో తెలుసుకోవడానికి, అసలు జనం రాకముందే దాని మీద కృత్రిమంగా రద్దీని సృష్టించి చూస్తారు. దీన్ని లోడ్ టెస్ట్ అంటారు. జేమీటర్, కే6, గ్యాట్లింగ్, లోకస్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు వందల మంది, వేల మంది ఒకేసారి సైట్ వాడుతున్నట్టుగా రిక్వెస్టులు పంపి, ఏది ఎంతసేపట్లో తిరిగొచ్చిందో కొలుస్తాయి. పరీక్ష ముగిశాక గ్రాఫులకు కొదవ ఉండదు. కానీ ఆ గ్రాఫుల్లోంచి రెండు ప్రశ్నలకు జవాబు రాకపోతే పరీక్ష చేసి ప్రయోజనం లేదు. రద్దీ ఏ స్థాయికి చేరాక ఈ వ్యవస్థ అంతకు మించి పని చేయలేకపోతోంది? అక్కడ దాన్ని పట్టి ఆపుతున్నది ఏది? మొదటి ప్రశ్నకు జవాబు సాచురేషన్ పాయింట్. రెండోదానికి జవాబు బాటిల్‌నెక్. మొదటిది గ్రాఫ్ చూస్తే కంటికి కనిపిస్తుంది. రెండోది చాలాసార్లు కనిపించదు, లెక్క కట్టి పట్టుకోవాలి.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఆంధ్రా జిల్లాలకు వెళ్లేవాళ్ల కోసం బస్సు టికెట్లు అమ్మే ఒక సైట్‌ను ఊహించుకుందాం. ఇక్కడి అంకెలు విషయం తేటపడడానికి అమర్చినవే అయినా, ఇలాంటి వ్యవస్థల్లో ఎదురయ్యే తీరులోనే ఉన్నాయి. సైట్ వెనక రెండు యంత్రాలున్నాయి. ఒకటి 8 కోర్ల అప్లికేషన్ సర్వర్. అందులో టామ్‌క్యాట్ మీద జావా ప్రోగ్రామ్ నడుస్తోంది. రెండోది 4 కోర్ల డేటాబేస్ సర్వర్, దాని మీద పోస్ట్‌గ్రెస్. ప్రతి రిక్వెస్టుకూ డేటాబేస్‌తో కొత్తగా కనెక్షన్ తెరవడం ఖర్చుతో కూడిన పని. అందుకని కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఒక పూల్‌లో ఉంచుతారు. రిక్వెస్టు వచ్చినప్పుడు అందులోంచి ఒకటి తీసుకుని, పని అయ్యాక తిరిగి పెట్టేస్తుంది. జావాలో ఎక్కువమంది వాడే హికారీసీపీ పూల్‌లో, ఎవరూ మార్చకపోతే, ఆ కనెక్షన్లు పది.

పరీక్షను మెట్లు మెట్లుగా నడపాలి. 400 మందితో పదిహేను నిమిషాలు, తర్వాత 800తో, ఆపైన 1000తో, అలా. ప్రతి మెట్టులోనూ మొదటి కొన్ని నిమిషాల కొలతలను వదిలేయడం మంచిది. జావా ప్రోగ్రామ్ మొదట్లో నెమ్మదిగా నడిచి, తరచూ వాడే భాగాలను మెషీన్ కోడ్‌గా మార్చుకున్నాక వేగం అందుకుంటుంది. క్యాష్‌లు నిండడానికీ కాస్త సమయం పడుతుంది. ఒక్కసారిగా సున్నా నుంచి 1600కి ఎగబాకే పరీక్షలో గోడ ఎక్కడుందో తెలియదు, గోడకు గుద్దుకున్నామన్నది మాత్రమే తెలుస్తుంది. ఈ పరీక్షలో ప్రతి కృత్రిమ వినియోగదారుడూ ఒక పేజీ వచ్చాక సగటున 5 సెకన్లు ఆగి తర్వాతి రిక్వెస్టు పంపుతాడు. మనిషి సీట్ల పటం చూసి, ఆలోచించి, నొక్కడానికి పట్టే సమయం అది.

| వినియోగదారులు | సెకనుకు పూర్తయిన రిక్వెస్టులు | సగటు రెస్పాన్స్ టైమ్ (సెకన్లు) |
|---|---|---|
| 400 | 79 | 0.08 |
| 800 | 157 | 0.09 |
| 1000 | 193 | 0.18 |
| 1200 | 199 | 1.03 |
| 1400 | 199 | 2.04 |
| 1600 | 199 | 3.04 |

400 నుంచి 800కి జనం రెట్టింపయ్యారు, పూర్తయిన పనీ దాదాపు రెట్టింపైంది. ఎదురుచూపు పెద్దగా పెరగలేదు. 1000 దగ్గర గీత వంగడం మొదలైంది. 1200 దాటాక ఎంతమంది వచ్చినా సెకనుకు 199 రిక్వెస్టులే పూర్తవుతున్నాయి. అదనంగా వచ్చినవాళ్లు వరుసలో నిలబడుతున్నారు, అంతే. అందుకే ఆ తర్వాత ప్రతి 200 మందికీ రెస్పాన్స్ టైమ్ సరిగ్గా ఒక్కో సెకను చొప్పున పెరుగుతోంది. త్రూపుట్ గీత చదునై, రెస్పాన్స్ టైమ్ గీత నిటారుగా లేచే ఈ మలుపే సాచురేషన్ పాయింట్.

ఆ ఒక్కో సెకను యాదృచ్ఛికం కాదు. 1961లో జాన్ లిటిల్ రుజువు చేసిన ఒక చిన్న సూత్రం ప్రకారం, ఏ వ్యవస్థలోనైనా ఉన్నవాళ్ల సగటు సంఖ్య, వాళ్లు వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు అందులో గడిపే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ సరితూగే నిలకడ ఉంటే చాలు, ఇంకే షరతులూ పెద్దగా అక్కర్లేదు. లోడ్ టెస్ట్‌కు అన్వయిస్తే అది ఇలా ఉంటుంది:

```
N = X × (R + Z)
```

ఇందులో N వినియోగదారులు, X సెకనుకు పూర్తయిన రిక్వెస్టులు, R రెస్పాన్స్ టైమ్, Z మధ్యలో ఆగే సమయం. X 199 దగ్గర ఆగిపోతే, 200 మంది కొత్తగా చేరినప్పుడు R ఒక సెకను పెరగక తప్పదు.

ఈ సూత్రానికి ఇంకో ఉపయోగం ఉంది. రిపోర్టును నమ్మే ముందు ప్రతి మెట్టు అంకెలనూ ఇందులో వేసి చూడాలి. ఒక మెట్టులో 1000 మంది, సెకనుకు 150 రిక్వెస్టులు, 0.1 సెకను రెస్పాన్స్ టైమ్ అని వచ్చిందనుకుందాం. 150ని 5.1తో గుణిస్తే 765 మందే లెక్కకొస్తారు. మిగతా 235 మంది ఏమైనట్టు? చాలాసార్లు వాళ్లు సర్వర్ దగ్గర కాదు, రద్దీని పుట్టిస్తున్న యంత్రంలోనే ఇరుక్కుని ఉంటారు. ఆ యంత్రం సీపీయూ నిండిపోయి రిక్వెస్టులను సమయానికి పంపలేకపోతోంది. అలాంటప్పుడు కనిపించిన గోడ సైట్‌ది కాదు, పరీక్షది. పట్టికలోని అంకెలను ఇలా గుణిస్తే ప్రతి వరుసా సరిపోతుంది కాబట్టి ఈ గోడ సైట్‌దే.

ఇక రెండో ప్రశ్న. 1200 మంది ఉన్నప్పుడు అప్లికేషన్ సర్వర్ సీపీయూ 60 శాతమే వాడుకలో ఉంది. డేటాబేస్ సీపీయూ 50 శాతం, దాని డిస్క్ 20 శాతం. నెట్‌వర్క్ సంగతి చెప్పక్కర్లేదు, దాదాపు ఖాళీ. ఏ గ్రాఫూ ఎర్రబడలేదు, సైట్ మాత్రం కదలడం లేదు. ఇక్కడే తప్పుడు నిర్ణయాలు పుడతాయి. సర్వర్లన్నీ బాగానే ఉన్నాయని కొందరు పరీక్షనే అనుమానిస్తారు. మరికొందరు ఎందుకైనా మంచిదని పెద్ద యంత్రం కొంటారు. పెద్ద యంత్రం వచ్చినా ఇక్కడ 199 కాస్తా 200 కూడా కాదు.

వెతికినప్పుడు ముందు ఒక తప్పుడు ముద్దాయి దొరుకుతుంది. టామ్‌క్యాట్‌లో ఒకేసారి రిక్వెస్టులను పట్టుకోగల థ్రెడ్లు, ఎవరూ మార్చకపోతే, 200. 1200 మంది మెట్టులో ఆ 200 థ్రెడ్లూ నిండి ఉన్నాయి. దోషి ఇదేనని థ్రెడ్లను 400 చేస్తే త్రూపుట్ ఏమీ పెరగదు. అంతదాకా బయట నిలబడిన వరుస లోపలికి వచ్చి నిలబడుతుంది, అంతే తేడా. నిండి ఉండడం వేరు, పనిచేస్తూ నిండి ఉండడం వేరు. ఆ తేడాను థ్రెడ్ డంప్ బయటపెడుతుంది. ఆ క్షణాన ప్రతి థ్రెడ్ ఏం చేస్తోందో తీసిన చిత్రం అది. 200 థ్రెడ్లలో 180కి పైగా ఒకే చోట, `getConnection` అనే పిలుపు దగ్గర, ఎదురుచూస్తూ కనిపిస్తాయి. అంటే వరుస డేటాబేస్ కనెక్షన్ కోసం.

అయినా ఇంకో మెట్టు లెక్క వేస్తేనే రుజువు పూర్తవుతుంది. పూల్ ఇచ్చే కొలతల్లో ఒక్కో రిక్వెస్టు కనెక్షన్‌ను ఎంతసేపు తన దగ్గర ఉంచుకుంటోందో ఉంటుంది. ఇక్కడ అది సగటున 50 మిల్లీసెకన్లు. ఒక కనెక్షన్ సెకనుకు 20 రిక్వెస్టులకు చాలుతుంది, పది కనెక్షన్లు 200కు. పరీక్షలో కనిపించిన గోడ 199. దోషి దొరికింది. పది కౌంటర్లున్న టికెట్ హాల్లో గుమస్తాలు కంప్యూటర్ మీద పనిచేసే సమయం తక్కువే అయినా, ముందున్న ప్రయాణికుడు చిల్లర వెతుక్కుంటూ కౌంటర్ వదలకపోతే వరుస కదలనట్టే, ఇక్కడా కనెక్షన్ పట్టుకున్న 50 మిల్లీసెకన్లలో డేటాబేస్ సీపీయూ పనిచేసింది 10 మిల్లీసెకన్లే.

ఆ పది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే మిగతా ప్రణాళికంతా ఈ రకం అంకెల మీదే నిలబడుతుంది. డేటాబేస్‌లోని 4 కోర్లు 50 శాతం వాడుకలో ఉంటే, ప్రతి సెకనులోనూ 2 కోర్-సెకన్ల పని జరిగినట్టు. దాన్ని ఆ సెకనులో పూర్తయిన 199 రిక్వెస్టులకు పంచితే ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు వస్తుంది. ఇదే తీరున అప్లికేషన్ సర్వర్‌లో 8 కోర్లలో 60 శాతం అంటే 4.8 కోర్-సెకన్లు, రిక్వెస్టుకు సుమారు 24 మిల్లీసెకన్లు. ఒక రిక్వెస్టు ఒక వనరు మీద మోపే ఈ బరువును సర్వీస్ డిమాండ్ అంటారు. రద్దీ ఎంతున్నా ఇది పెద్దగా మారదు. అందుకే సాచురేషన్‌కు చాలా ముందున్న మెట్టులో కొలిచి కూడా ఏ వనరు ఎక్కడ ఆగిపోతుందో ముందే చెప్పవచ్చు. 4 కోర్లను 10 మిల్లీసెకన్లతో భాగిస్తే డేటాబేస్ సీపీయూ పరిమితి సెకనుకు 400. 8 కోర్లను 24తో భాగిస్తే అప్లికేషన్ సర్వర్ పరిమితి 333. పూల్ పరిమితి 200. మూడింట్లో చిన్నదే వ్యవస్థ మొత్తానికి పరిమితి.

ఈ లెక్క బాటిల్‌నెక్‌ను పట్టివ్వడంతో ఆగదు, దాన్ని తీసేస్తే తర్వాత ఏది అడ్డొస్తుందో కూడా చెబుతుంది. పూల్‌ను 20 చేస్తే దాని పరిమితి 400 అవుతుంది. అప్పుడు ఆగేది అప్లికేషన్ సర్వర్ సీపీయూ దగ్గర, 333 చుట్టుపక్కల. డేటాబేస్ సీపీయూ సగం ఖాళీగా ఉంది కాబట్టే ఇక్కడ పూల్ పెంచడం సరైన మందు. డేటాబేస్ సీపీయూ అప్పటికే నిండి ఉంటే, ఎక్కువ కనెక్షన్లు ఇచ్చినకొద్దీ అక్కడ పోటీ పెరిగి ఉన్న త్రూపుట్ కూడా పడిపోతుంది. వీలుంటే కనెక్షన్ పట్టుకునే సమయాన్ని తగ్గించడం ఇంకా మేలు. ఛార్జీ లెక్కలు, బయటి సేవకు పిలుపులు వంటి డేటాబేస్‌తో సంబంధం లేని పనులు ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగా జరుగుతున్నాయేమో చూసి, వాటిని బయటికి జరిపితే 50 మిల్లీసెకన్లు 30 కావచ్చు. ఒక్క కనెక్షన్ కూడా పెంచకుండానే పూల్ పరిమితి 333కి చేరుతుంది.

పూల్‌ను 20 చేసి మళ్లీ పరీక్షిస్తే త్రూపుట్ 310 దగ్గర చదునైంది. అప్లికేషన్ సర్వర్ సీపీయూ 97 శాతం, డేటాబేస్ సీపీయూ 77 శాతం. ఊహించిన చోటే ఆగింది, కాకపోతే 333కి కాస్త ముందు. వెనక్కి లెక్కిస్తే రిక్వెస్టుకు సీపీయూ 24 నుంచి 25 మిల్లీసెకన్లకు పెరిగినట్టు తేలుతుంది. ఒకేసారి ఎక్కువ థ్రెడ్లు నడుస్తున్నప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి, లాక్‌ల కోసం పోటీపడడానికి, మెమరీ శుభ్రం చేయడానికి కొంత సీపీయూ పోతుంది. లెక్క చెప్పేది పైకప్పు, పరీక్ష చెప్పేది నిజంగా అందే ఎత్తు. రెండింటికీ మధ్య తేడా ఇంత చిన్నదైతే లెక్కను నమ్మవచ్చు. తేడా పెద్దదైతే కొలవని వనరు ఇంకేదో మధ్యలో ఉన్నట్టు.

310 సాధ్యమైనంత మాత్రాన ప్రణాళికలో 310 వేసుకోకూడదు. ఆ స్థాయిలో జనం అప్పటికే సెకన్ల తరబడి ఎదురుచూస్తుంటారు. ముందు ఎంత ఆలస్యాన్ని ఒప్పుకోవచ్చో తేల్చుకోవాలి. వంద రిక్వెస్టుల్లో 95 అర సెకను లోపల తిరిగి రావాలన్నది ఈ సైట్ నియమం అనుకుందాం. సగటును నియమంగా పెట్టుకోవడం మంచిది కాదు, కొద్దిమంది పడే సుదీర్ఘమైన ఎదురుచూపు సగటులో కనిపించకుండా పోతుంది. వంపు ఉన్న చోట దగ్గర దగ్గర మెట్లతో మళ్లీ పరీక్షిస్తే ఈ నియమం 270 దగ్గర తప్పింది. పరీక్షలో రద్దీ సాఫీగా వస్తుంది, నిజంగా వచ్చేటప్పుడు ఒక్కో సెకనులో ఉప్పెనలా వస్తుంది. ఆ పోటుకు చోటు వదిలి ఒక సర్వర్‌కు 220 అని తీసుకోవడం సబబు. అంటే సాచురేషన్‌లో దాదాపు 70 శాతం.

వచ్చే సంక్రాంతికి అత్యధిక రద్దీ సెకనుకు 400 ఉంటుందని అంచనా. ఈ అంచనాకు గంట సగటును వాడకూడదు. టికెట్లు తెరిచిన మొదటి నిమిషాల్లో గంటలోని రద్దీలో పెద్ద భాగం వచ్చిపడుతుంది. ఆ నిమిషాల లెక్కే తీసుకోవాలి. 400కి ఒక్కోటి 220 మోసే సర్వర్లు రెండు చాలు. పండగ రోజున ఒకటి పడిపోయినా సైట్ నిలవాలంటే మూడు కావాలి. ఇక్కడితో ఆగితే మాత్రం ప్రణాళిక విఫలమవుతుంది. సెకనుకు 400 రిక్వెస్టులు ఒక్కోటి 10 మిల్లీసెకన్ల చొప్పున 4 కోర్ల డేటాబేస్‌ను నూటికి నూరు శాతం నింపేస్తాయి. అప్లికేషన్ సర్వర్లు మూడైనా ముప్పై అయినా అప్పుడు వరుస డేటాబేస్ దగ్గర నిలుస్తుంది. కాబట్టి డేటాబేస్‌ను 8 కోర్లకు మార్చాలి, లేదా ఎక్కువ సమయం తినే క్వెరీలను సరిచేసి 10 మిల్లీసెకన్లను 5 చేయాలి. రెంటిలో ఏది చేసినా వాడుక 50 శాతానికి దిగుతుంది.

కనెక్షన్ల లెక్కా మళ్లీ చూసుకోవాలి. ఒక్కో సర్వర్‌కు 20 చొప్పున మూడింటికి 60. పోస్ట్‌గ్రెస్‌లో `max_connections` విలువను మార్చకపోతే 100, కాబట్టి ఇబ్బంది లేదు. కానీ రద్దీని బట్టి సర్వర్లు వాటంతట అవే పెరిగే ఏర్పాటు ఉండి, ఆరో సర్వర్ చేరితే 120 అవుతుంది. కొత్త సర్వర్ సాయానికి వచ్చిందనుకున్న క్షణాన కనెక్షన్లు తిరస్కరణకు గురవుతాయి.

భాగహారానికి లొంగని బాటిల్‌నెక్‌లూ ఉన్నాయి. టికెట్ సైట్‌లో వాటిలో ముఖ్యమైనది లాక్. ఒకే బస్సు సీట్ల కోసం వందమంది ఒకేసారి ప్రయత్నిస్తే, ఆ సీట్ల వివరాలున్న వరుస మీద డేటాబేస్ ఒక్కొక్కరినే అనుమతిస్తుంది. కోర్లు పెంచినా, సర్వర్లు పెంచినా ఆ ఒక్క వరుస వేగం పెరగదు. యంత్రాలు చేర్చేకొద్దీ లాభం తగ్గుతూ పోయి, ఒక దశ దాటాక త్రూపుట్ వెనక్కి కూడా వస్తుందని నీల్ గుంథర్ ప్రతిపాదించిన స్కేలబిలిటీ సూత్రం చెబుతుంది. ఒకరి కోసం ఒకరు ఆగడం ఒక కారణం, అందరి దగ్గరున్న సమాచారం ఒకేలా ఉండేలా చూసుకునే ఖర్చు మరో కారణం. అందుకే ఒక సర్వర్ ఫలితాన్ని మూడుతో గుణించి సరిపెట్టుకోకుండా, మూడు సర్వర్లూ పెద్ద డేటాబేస్ సిద్ధమయ్యాక మొత్తాన్ని ఒకసారి 400 దాకా నడిపి చూడాలి.

ఆ పరీక్షలో వాడే సమాచారం నిజమైన సంక్రాంతిని పోలి ఉండాలి. కృత్రిమ వినియోగదారులంతా ఒకే బస్సును అడిగితే లాక్‌ల గొడవ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అన్ని బస్సులనూ సమానంగా అడిగితే ఆ గొడవ మాయమవుతుంది. పండగ ముందు మూడు నాలుగు రోజులు, కొన్ని రూట్ల మీదే జనం ఎగబడతారు. పరీక్షలోనూ ఎంపికలు ఆ నిష్పత్తిలోనే ఉండాలి. పది బస్సుల చిన్న డేటాబేస్‌తో పరీక్షిస్తే మొత్తం సమాచారం మెమరీలో ఇమిడిపోయి, అసలు రోజున అడ్డొచ్చే డిస్క్ పరీక్ష రోజున కంటికే కనపడదు.

రద్దీ వచ్చే తీరు ఇంకా పెద్ద తేడా తెస్తుంది. ఇంతవరకూ చూసిన పరీక్షలో జవాబు వచ్చేదాకా వినియోగదారుడు తర్వాతి రిక్వెస్టు పంపడు. సైట్ నెమ్మదిస్తే రద్దీ కూడా తనంతట తానే తగ్గుతుంది, అందుకే రెస్పాన్స్ టైమ్ 3 సెకన్ల దగ్గర నిలకడగా ఆగింది. టికెట్లు తెరిచిన రోజున జనం అలా ఆగరు. ముందున్నవాళ్ల పని అయిందా లేదా అన్నదానితో పని లేకుండా కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు, పేజీ రానివాళ్లు మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తారు. సెకనుకు 310 చేయగల సైట్‌కు 330 వస్తే ప్రతి సెకనూ 20 మిగిలిపోతాయి, ఒక నిమిషానికి 1200 పోగవుతాయి. ఇక్కడ నిలకడ అన్నది ఉండదు. కే6లో `constant-arrival-rate` అనే పద్ధతి సర్వర్ వేగంతో సంబంధం లేకుండా నిర్ణీత వేగంతో రిక్వెస్టులు పంపుతుంది. చివరి పరీక్షను ఆ పద్ధతిలో చేస్తే పండగ రోజుకు దగ్గరగా ఉంటుంది. ఆ పోగు పెరగకుండా, సైట్ మోయగలిగినంతమందినే లోపలికి వదిలి మిగతావాళ్లకు వేచి ఉండే పేజీ చూపించే ఏర్పాటు అవసరమో కాదో కూడా ఆ పరీక్షే చెబుతుంది.

ఈ ప్రణాళిక ఎంతకాలం చెల్లుతుందన్నది రిక్వెస్టు మోపే బరువు మారనంతకాలమే. అది కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ మారవచ్చు. అసలు సైట్‌లోనే రోజూ సీపీయూ వాడుకను పూర్తయిన రిక్వెస్టులతో భాగిస్తూ ఉంటే ఆ మార్పు వెంటనే కనిపిస్తుంది. ఏదో కొత్త సదుపాయం చేరి అప్లికేషన్ సర్వర్‌లో 25 మిల్లీసెకన్లు 32 అయ్యాయనుకుంటే, 8 కోర్ల సర్వర్ పరిమితి 250కి దిగుతుంది. అందులో 70 శాతం 175. ఒక సర్వర్ పడిపోతే మిగిలిన రెండూ కలిపి మోయగలిగేది 350 మాత్రమే, రావాల్సింది 400. పండగకు ముందే నాలుగో సర్వర్ కావాలి, లేదా ఆ 7 మిల్లీసెకన్లు ఎక్కడ పెరిగాయో వెతికి తీసేయాలి.